రెండే విలువల రెసిస్టర్లతో నాలుగు బిట్ల డీఏసీ: నిచ్చెన కట్టడం, కొలవడం, తప్పు పట్టుకోవడం

విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణానికి వెళ్ళి 20 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు అడిగితే నాకు తరచూ వినిపించే జవాబు ఇది: “ఇరవై కె లేదు సార్, ఇరవై రెండు కె ఉంది. పెద్ద తేడా ఏముంటుంది, తీసుకెళ్ళండి.” ఎల్‌ఈడీ వెలిగించడానికో, బటన్ పక్కన పెట్టడానికో అయితే ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ బైనరీ అంకెను వోల్టేజీగా మార్చే రెసిస్టర్ నిచ్చెన ఒక్క నిష్పత్తి మీదే నిలబడుతుంది. ఒక విలువ మరొకదానికి సరిగ్గా రెట్టింపు ఉండాలి. అందుకే ఈ పనికి నేను 20కె అడగడం మానేశాను. అన్నీ 10కె రెసిస్టర్లే కొని, రెట్టింపు కావలసిన చోట రెండేసి కలుపుతాను. ఈ మార్గదర్శి కూడా అదే పద్ధతిలో సాగుతుంది. 22కె పెడితే ఏమవుతుందో మధ్యలో లెక్క వేసి చూద్దాం.

మనం కట్టబోయేది నాలుగు బిట్ల డీఏసీ, అంటే బైనరీ అంకెను వోల్టేజీగా మార్చే సర్క్యూట్. 0000 నుంచి 1111 దాకా పదహారు సంకేతాలు ఇస్తే, పదహారు మెట్ల వోల్టేజీ రావాలి. నాలుగు బిట్లే ఎందుకంటే, మామూలు మల్టీమీటర్‌తో ప్రతి మెట్టునూ విడిగా చూడవచ్చు. ఏదైనా తప్పు ఉంటే కంటికి కనబడేంత పెద్దదిగా కనబడుతుంది.

రెండు విలువలే ఎందుకు

ఇదే పని చేసే మరో పద్ధతి ఉంది. పెద్ద బిట్‌కు 10కె, తర్వాతి బిట్‌కు 20కె, ఆ తర్వాత 40కె, 80కె అంటూ ప్రతి బిట్‌కూ రెట్టింపు రెసిస్టర్ పెట్టడం. నాలుగు బిట్ల దాకా ఎలాగో నెట్టుకురావచ్చు. ఎనిమిది బిట్లకు చివరి రెసిస్టర్ 1.28 మెగా ఓమ్ కావాలి. 10కె, 1.28 మెగా ఓమ్ రెసిస్టర్లు రెండూ ఒకదానికొకటి సరిగ్గా 128 రెట్ల నిష్పత్తిలో ఉండాలి. పైగా వేడికి రెండూ ఒకేలా మారాలి. అంత దూరపు విలువల మధ్య ఆ పొందిక సాధించడం కష్టం. నిచ్చెనలో ఆ బాధ లేదు. బిట్లు ఎన్ని పెరిగినా R, 2R అనే రెండు విలువలే ఉంటాయి. ఒకే సంచిలోంచి తీసిన రెసిస్టర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే చాలు. అసలు విలువ 10,000 ఓమ్‌లా, 10,080 ఓమ్‌లా అన్నది లెక్కలోకే రాదు.

నిచ్చెనను చివరి నుంచి చదవాలి

బొమ్మ ఇది. R అంటే 10కె, 2R అంటే రెండు 10కె రెసిస్టర్లు ఒకదాని వెనక ఒకటి.

```
GND--2R--(0)--R--(1)--R--(2)--R--(3)--> Vout
          |       |       |       |
         2R      2R      2R      2R
          |       |       |       |
         b0      b1      b2      b3
```

బొమ్మలో అంకెలు వేసిన చోట్లను కూడళ్ళు, కిందికి దిగే 2R రెసిస్టర్లను కాళ్ళు అందాం. ప్రతి కాలి చివరన ఒక బిట్ ఉంటుంది. ఆ బిట్ 1 అయితే కాలును 5 వోల్టులకు, 0 అయితే గ్రౌండ్‌కు కలుపుతాం. ఎడమ చివర గ్రౌండ్‌కు వెళ్ళే అదనపు 2R ఒకటి ఉంది చూడండి. దాన్ని ముగింపు రెసిస్టర్ అంటాను. ఏ బిట్‌కూ చెందని ఈ రెసిస్టర్‌నే జనం ఎక్కువగా మరిచిపోతారు.

ఇప్పుడు b0 ఒక్కటే 1, మిగిలినవన్నీ 0 అనుకోండి. కుడివైపు భాగాన్ని చేత్తో మూసేసి, 0వ కూడలిని మాత్రమే చూడండి. దానికి ఒకవైపు 5 వోల్టుల నుంచి 20కె, మరోవైపు గ్రౌండ్ నుంచి 20కె. రెండూ సమానం కాబట్టి కూడలి దగ్గర సగం, అంటే 2.5 వోల్టులు. ఈ రెండు 20కెలూ కుడివైపు నుంచి చూసేవారికి సమాంతరంగా, అంటే 10కెగా కనబడతాయి. కాబట్టి ఇక్కడిదాకా ఉన్నదంతా కలిపి “10కె వెనక దాగిన 2.5 వోల్టుల బ్యాటరీ” అనుకోవచ్చు.

ఆ తర్వాత అడ్డంగా ఉన్న 10కె దాటాలి. 10కె, 10కె కలిసి మళ్ళీ 20కె అయ్యాయి. ఇప్పుడు 1వ కూడలికి ఎడమవైపున 20కె వెనక 2.5 వోల్టులు, కింద గ్రౌండ్‌కు 20కె కాలు. పరిస్థితి అచ్చం మొదటిలాగే ఉంది. మళ్ళీ సగం: 1.25 వోల్టులు, వెనక 10కె. ఇంకో 10కె దాటితే మళ్ళీ 20కె. 2వ కూడలిలో 0.625, 3వ కూడలిలో 0.3125 వోల్టు.

నిచ్చెన కిటుకంతా ఇంతే. 2R, 2R సమాంతరంగా కలిస్తే R. దానికి R చేరిస్తే మళ్ళీ 2R. ఏ కూడలి దగ్గర నిలబడి ఎడమవైపు చూసినా కనబడేది 2R మాత్రమే. అందుకే ప్రతి కూడలిలో జరిగేది ఖచ్చితమైన సగపాలు. b0 నాలుగు సార్లు సగమై 5/16 అవుతుంది. b1 మూడు సార్లు, b2 రెండు సార్లు సగమవుతాయి. b3 చివరి కూడలిలోనే చేరుతుంది కాబట్టి ఒక్కసారే సగమై 2.5 వోల్టులు ఇస్తుంది. ఒకటి కంటే ఎక్కువ బిట్లు 1 అయినప్పుడు ఎవరి వాటా వారు కలుపుతారు, అంతే. Vref అంటే కాళ్ళకు ఇచ్చే 5 వోల్టులు:

```
Vout = Vref × D / 16
D = 8·b3 + 4·b2 + 2·b1 + b0
```

1111 ఇచ్చినా 5 వోల్టులు రావు, 15/16 మాత్రమే, అంటే 4.6875 వోల్టులు వస్తాయి. తక్కువైన ఆ ఒక్క మెట్టు ముగింపు రెసిస్టర్ ద్వారా గ్రౌండ్‌కు పోయిన వాటా.

ఇక్కడ ఒక హెచ్చరిక. పై లెక్క చదివి, కట్టిన సర్క్యూట్‌లో 0001 ఇచ్చి 0వ కూడలి దగ్గర మీటర్ పెడితే 2.5 కనబడదు. దాదాపు 1.68 వోల్టులు వస్తుంది. తర్వాతి కూడళ్ళలో వరుసగా 0.86, 0.47, చివరికి 0.31. తప్పు కట్టామేమో అని అనుమానం రావడం సహజం. నిజానికి సర్క్యూట్ సరిగానే ఉంది. కుడివైపు భాగాన్ని చేత్తో మూసి వేసిన లెక్క అది. నిజంలో ఆ భాగం కూడా 0వ కూడలి నుంచి కరెంటు లాగుతుంది కాబట్టి మధ్య కూడళ్ళలో వోల్టేజీ తగ్గుతుంది. చివరి కూడలికి కుడివైపున ఏమీ లేదు. అందుకే అక్కడ మాత్రం లెక్క ప్రకారం 0.3125 వస్తుంది.

రెసిస్టర్లు కొనడం, ఏరడం

బిట్ల సంఖ్యను మూడుతో గుణించి ఒకటి కలిపితే కావలసిన 10కె రెసిస్టర్ల సంఖ్య వస్తుంది. నాలుగు బిట్లకు 13: కాళ్ళకు ఎనిమిది, ముగింపుకు రెండు, అడ్డంగా మూడు. ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు అడగండి. ఐదు గీతలుంటాయి: గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. పాతిక దాకా కొనుక్కుంటే ఏరుకోవడానికి వీలుంటుంది.

ఏరడం అంటే ప్రతిదాన్నీ మీటర్‌తో కొలిచి, విలువ కాగితం పట్టీ మీద రాసి అంటించడం. మీ మీటర్ ఒకవేళ అర శాతం ఎక్కువ చూపిస్తున్నా పరవాలేదు. అన్నింటినీ అదే మీటర్‌తో, అదే రేంజిలో కొలుస్తున్నారు కాబట్టి ఆ తప్పు అన్నింటికీ సమానంగా అంటుకుంటుంది, నిష్పత్తి చెడదు.

చెడగొట్టేది మన చేతులు. రెసిస్టర్ రెండు కొసలనూ వేళ్ళతో మీటర్ మొనలకు అదిమి పట్టుకుంటే మన ఒళ్ళు కూడా దానికి సమాంతరంగా చేరుతుంది. మే నెలలో విశాఖ ఉక్కపోతకు తడిసిన వేళ్ళ మధ్య రెసిస్టెన్స్ 200కె దాకా పడిపోయిందనుకోండి, 10కె రెసిస్టర్ 9.52కెగా కనబడుతుంది. అంటే దాదాపు ఐదు శాతం తప్పు. ఒక శాతం రెసిస్టర్లను ఏరుతూ ఐదు శాతం తప్పు చేయడం కంటే అసలు ఏరకపోవడమే మేలు. రెసిస్టర్‌ను బ్రెడ్‌బోర్డులో గుచ్చి, కొసలను మొసలి క్లిప్పులతో పట్టి, చేతులు తీసేసి చదవండి. వేళ్ళ వేడి తగ్గేదాకా రెండు మూడు క్షణాలు ఆగితే ఇంకా మంచిది.

ఏరినవాటిలో ఒకదానికొకటి అతి దగ్గరగా ఉన్న ఐదింటిని కుడి చివరకు కేటాయించండి: b3 కాలికి రెండు, b2 కాలికి రెండు, ఆ రెంటి మధ్య అడ్డంగా ఒకటి. కాస్త అటూ ఇటూగా ఉన్నవి ఎడమ చివరకు. కారణం మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. ఎడమ చివర జరిగిన తప్పు కుడికి వచ్చేలోగా ప్రతి కూడలిలో సగమవుతూ వస్తుంది. b3 దగ్గరి తప్పు మాత్రం ఏ వడపోతా లేకుండా నేరుగా బయటకు వస్తుంది.

కట్టడం, కరెంటు ఇవ్వకముందే పరీక్షించడం

బ్రెడ్‌బోర్డు మీద నాలుగు కూడళ్ళకు నాలుగు వరుసలు తీసుకుని, మధ్యలో ఖాళీ వదులుతూ అడ్డంగా 10కెలు పెట్టండి. ప్రతి కాలులోని రెండు 10కెలూ కలిసే చోటుకు ఒక సొంత వరుస కావాలి. అది వేరే దేనికీ తగలకూడదు. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో ఏళ్ళ తరబడి పడి ఉన్న బ్రెడ్‌బోర్డులను నేను ఈ పనికి వాడను. ఉప్పుగాలికి లోపలి స్ప్రింగులు మసకబారి, తగిలీ తగలనట్టు ఉంటాయి. వేలితో రెసిస్టర్‌ను తాకితే మీటర్‌లో అంకె ఎగిరిపడుతుందంటే బోర్డు మార్చాలన్నమాట.

అన్ని కాళ్ళనూ గ్రౌండ్‌కు కలిపి, 5 వోల్టులు ఇంకా ఇవ్వకుండా, రెసిస్టెన్స్ రేంజిలో రెండు కొలతలు తీసుకోండి.

మొదటిది Vout నుంచి గ్రౌండ్‌కు. 10కె రావాలి. ఎడమవైపు 20కె, కింద కాలు 20కె, సమాంతరంగా 10కె. బిట్లు నాలుగైనా పదహారైనా ఇదే విలువ. 20కె దగ్గర చూపిస్తే b3 కాలు ఊడిందని అర్థం.

రెండోది 0వ కూడలి నుంచి గ్రౌండ్‌కు. ఇది 6.7కె దగ్గర రావాలి. మొదటి కొలత సరిపోయిందని ఈ రెండో కొలత వదిలేయకండి. ముగింపు రెసిస్టర్ పెట్టడం మరిచిపోయినా Vout దగ్గర 10.12కె చూపిస్తుంది. ఒక శాతం రెసిస్టర్లతో కట్టినప్పుడు 10కెకూ 10.12కెకూ తేడాను ఎవరూ పట్టించుకోరు. 0వ కూడలి దగ్గర మాత్రం 6.7కె బదులు 10.1కె వస్తుంది, దొంగ వెంటనే దొరుకుతాడు.

చేత్తో సంకేతాలు ఇచ్చి చూడటం

మైక్రోకంట్రోలర్ జోలికి పోకముందు నాలుగు వైర్లతో చేత్తో సంకేతాలు ఇవ్వండి. 1 అంటే 5 వోల్టుల పట్టీకి, 0 అంటే గ్రౌండ్ పట్టీకి. 0 అంటే వైరు పీకి గాలిలో వదిలేయడం కాదు. కాలు గాలిలో ఉంటే అక్కడ సగపాలు జరగదు. ఉదాహరణకు 0111 ఇస్తూ b3 వైరును గాలిలో వదిలితే 2.1875 రావలసిన చోట 4.375 వస్తుంది, సరిగ్గా రెట్టింపు. ఎక్కడైనా ఇలా రెట్టింపు వోల్టేజీ కనబడితే ముందు ఊడిన వైరు కోసం వెతకండి.

యూఎస్‌బీ నుంచి తీసుకునే 5 వోల్టులు సరిగ్గా 5 ఉండటం అరుదు. ముందు దాన్నే కొలిచి, వచ్చిన విలువను Vref స్థానంలో వేసుకోండి. 4.92 ఉంటే ఒక్కో మెట్టు 0.3075 వోల్టు. నిచ్చెన తన సొంత వోల్టేజీ ఏదీ తయారు చేయదు. ఇచ్చినదాన్ని పంచి పెడుతుంది, అంతే. పైన అలజడి ఉంటే కిందా అలజడి ఉంటుంది.

పదహారు సంకేతాలూ కొలిచి కాగితం మీద రాసుకోండి. పక్కపక్క విలువల మధ్య తేడాలు మరో నిలువు వరుసలో రాయండి. చూడవలసింది ఈ రెండో వరుసనే. అన్ని తేడాలూ 0.31 దగ్గర ఉంటే నిచ్చెన సరిగా ఉన్నట్టు. ఎక్కడైనా తేడా గాడి తప్పితే, అది చాలావరకు 0111 నుంచి 1000కి వెళ్ళే చోట కనబడుతుంది. అక్కడ మూడు చిన్న బిట్లు ఒక్కసారిగా తప్పుకుంటాయి, ఒక్క పెద్ద బిట్ వాటి స్థానంలోకి వస్తుంది. ఆ మూడింటి మొత్తం 2.1875, పెద్దదాని విలువ 2.5. రెండు పెద్ద అంకెల మధ్య తేడాగా ఆ చిన్న మెట్టు పుడుతుంది కాబట్టి ఎటువైపు కాస్త తప్పినా ముందుగా దెబ్బతినేది అదే.

22కె పెడితే ఏమవుతుంది

ఇప్పుడు దుకాణదారు సలహా పాటిద్దాం. అడ్డంగా 10కెలు, కాళ్ళకూ ముగింపుకూ 22కెలు. ఎడమ నుంచి లెక్క వేస్తూ రండి. 22కె, 22కె సమాంతరంగా 11కె. 10కె కలిపితే 21కె. మొదటి అడుగులోనే పొందిక పోయింది: కాలు 22కె, ఎడమవైపు 21కె. తర్వాతి కూడలిలో ఎడమవైపు 20.74కె, ఆ తర్వాత 20.68కె. ప్రతి చోటా కాలి విలువ ఎక్కువ, ఎడమవైపు తక్కువ. అంటే బిట్ తెచ్చే వాటా సగం కంటే తగ్గుతుంది, ఎడమ నుంచి వచ్చే వాటా సగానికి మించుతుంది. 5 వోల్టులతో ఫలితం ఇది:

| సంకేతం | రావలసినది | 22కెతో వచ్చేది |
|---|---|---|
| 0001 | 0.313 | 0.339 |
| 0011 | 0.938 | 0.987 |
| 0100 | 1.250 | 1.251 |
| 0111 | 2.188 | 2.238 |
| 1000 | 2.500 | 2.422 |
| 1111 | 4.688 | 4.661 |

మొదటి మెట్టు 0.339, నడిమి మెట్టు 0.184. ఒకటి పెద్దది, ఒకటి దాదాపు సగం. మొదటి, చివరి విలువలు మాత్రమే కొలిచి సంతృప్తి పడేవారికి ఇది తెలియనే తెలియదు: 1111 దగ్గర తేడా దాదాపు 0.6 శాతమే. నడిమి మెట్టు కొలిచినవారికే తెలుస్తుంది. అయినా ఒక మాట నిజం: ఇంత తప్పులోనూ వోల్టేజీ ప్రతి మెట్టుకూ పెరుగుతూనే ఉంది, ఎక్కడా వెనక్కి పడలేదు. ఎల్‌ఈడీ వెలుగు పెంచడానికి ఈ నిచ్చెన కూడా సరిపోతుంది.

ముగింపు రెసిస్టర్ లేని నిచ్చెన గుర్తు వేరు. 1111 ఇచ్చినప్పుడు గ్రౌండ్‌కు వెళ్ళే దారి ఒక్కటీ మిగలదు కాబట్టి Vout పూర్తిగా 5 వోల్టులకు చేరుతుంది. 0001కి 0.47 వస్తుంది. నడిమి మెట్టు 0.06కి కుంచించుకుపోతుంది. 1111 దగ్గర Vref అంతా కనబడిందంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

మైక్రోకంట్రోలర్‌కు కలపడం

ఆర్డుయినో ఊనో బోర్డులో 8 నుంచి 11 దాకా పిన్నులను వరుసగా b0 నుంచి b3కి కలపండి. బోర్డు గ్రౌండ్, నిచ్చెన గ్రౌండ్ ఒకటి కావాలి. ఈ చిన్న ప్రోగ్రాము మూడు సెకన్లకొక మెట్టు ఎక్కుతుంది, మీటర్‌తో చదివే తీరిక ఉంటుంది.

```
byte code = 0;
void setup() {
  DDRB |= 0x0F;
}
void loop() {
  PORTB = (PORTB & 0xF0) | code;
  code = (code + 1) & 0x0F;
  delay(3000);
}
```

నాలుగు బిట్లనూ `PORTB` ద్వారా ఒకేసారి రాయడానికి కారణం ఉంది. `digitalWrite`తో ఒక్కో పిన్నునూ విడిగా మారిస్తే ఒక్కోదానికి కొన్ని మైక్రోసెకన్లు పడుతుంది. 0111 నుంచి 1000కి వెళ్ళేటప్పుడు b0తో మొదలుపెట్టి మారిస్తే దారిలో 0110, 0100, 0000 వస్తాయి, ఆ తర్వాతే 1000. అంటే 2.19 నుంచి 2.5కి ఎక్కవలసిన వోల్టేజీ ఒక్కసారి సున్నాకు పడి లేస్తుంది. b3తో మొదలుపెడితే 1111 మీదుగా పైకి ఎగిరి దిగుతుంది. మీటర్ ఇంత చిన్న ఎగుడుదిగుళ్ళను చూపించదు. కాలేజీ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ అందుబాటులో ఉంటే `delay(3000)` స్థానంలో `delayMicroseconds(100)` పెట్టి చూడండి. దాదాపు 600 హెర్ట్జ్ రంపపు పళ్ళ తరంగం వస్తుంది. `digitalWrite`తో రాసినప్పుడు దాని నడిమిన సన్నని ముల్లు పొడుచుకుని ఉంటుంది. `PORTB`తో రాస్తే అది దాదాపు మాయమవుతుంది.

పిన్నుకు కూడా సొంత రెసిస్టెన్స్ ఉంటుంది, ఈ చిప్‌లో కొన్ని పదుల ఓమ్‌లు. అది కాలికి అదనంగా చేరుతుంది. 20కె కాలికి 30 ఓమ్‌లంటే 0.15 శాతం, పట్టించుకోనక్కర్లేదు. అదే 1కె, 2కెలతో కడితే 1.5 శాతం అవుతుంది. నేను 10కె ఎంచుకోవడానికి ఇదే కారణం.

బయటకు ఏది తగిలించవచ్చు

నిచ్చెన బయటి రెసిస్టెన్స్ ఏ సంకేతానికైనా 10కె. మీటర్ లోపల సాధారణంగా 10 మెగా ఓమ్ ఉంటుంది కాబట్టి కొలతకు ఇబ్బంది లేదు. కానీ మరో 10కె తగిలిస్తే వోల్టేజీ సగమవుతుంది. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ తగిలిస్తే 4.69 వోల్టులు కాస్తా 15 మిల్లీవోల్టులకు పడిపోతాయి. నిచ్చెన చెడిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. ఆ భారం మోయడానికి మధ్యలో ఒక ఆప్-ఆంప్ కావాలి: Vout ను దాని ప్లస్ కాలికి, దాని అవుట్‌పుట్‌ను తిరిగి దాని మైనస్ కాలికి.

ఇక్కడ చేతికి ముందుగా దొరికే చిప్ ఎల్‌ఎం358. దాన్ని కూడా అదే 5 వోల్టులతో నడిపితే అవుట్‌పుట్ దాదాపు 3.5 వోల్టుల దగ్గర ఆగిపోతుంది, పైకి పోదు. 1011 దాకా, అంటే 3.44 వోల్టుల దాకా మెట్లు కనబడి, 1100 నుంచి పైన అంతా చదునైపోతుంది. చివరి నాలుగు మెట్లూ ఒకే ఎత్తులో ఉన్నాయంటే నిచ్చెనను విప్పకండి, ఆప్-ఆంప్ ముందు వైపు మీటర్ పెట్టి చూడండి. అక్కడ మెట్లు సరిగా ఉంటే తప్పు ఆప్-ఆంప్‌ది. ఎల్‌ఎం358కు విడిగా 9 వోల్టులు ఇవ్వండి, లేదా 5 వోల్టులతోనే పూర్తి ఎత్తు దాకా వెళ్ళే ఎంసీపీ6002 వాడండి.

ఎనిమిది బిట్లకు పొడిగిస్తే

ఎడమవైపు మరో నాలుగు కూడళ్ళు చేరిస్తే చాలు, 25 రెసిస్టర్లతో ఎనిమిది బిట్ల నిచ్చెన తయారు. కట్టడం సులువే. ఒక మెట్టు 19.5 మిల్లీవోల్టులకు తగ్గుతుంది కాబట్టి తప్పులకు చోటు లేకుండా పోతుంది.

b7 కాలు ఒక్కటే ఒక శాతం ఎక్కువ, మిగిలినవన్నీ సరిగ్గా ఉన్నాయనుకోండి. పెద్ద బిట్ వాటా 5/2.01, అంటే 2.4876 వోల్టులు. దానికి ముందున్న 01111111 సంకేతానికి ఎడమవైపు నుంచి వచ్చేది 4.961 వోల్టులు, అందులో 1.01/2.01 వంతు, అంటే 2.4928 బయటకు వస్తుంది. అంకె ఒకటి పెరిగితే వోల్టేజీ 5 మిల్లీవోల్టులు తగ్గింది. సింహాచలం మెట్లెక్కుతుంటే నడిమిన ఒక మెట్టు కిందికి దిగినట్టు. నాలుగు బిట్లలో ఇదే ఒక శాతం తప్పుకు నడిమి మెట్టు 0.3125 నుంచి 0.289కి తగ్గేది, అంతే.

ఈ లెక్కలో పెద్ద బిట్ కాలు ఎంత దాకా ఎక్కువైనా వోల్టేజీ వెనక్కి పడకుండా ఉంటుంది అంటే, నాలుగు బిట్లకు దాదాపు 14 శాతం, ఎనిమిది బిట్లకు 0.79 శాతం, పది బిట్లకు 0.2 శాతం. ఒక శాతం రెసిస్టర్లను ఏరకుండా వాడితే కాలు ఒక శాతం పైకి, మిగిలినవి ఒక శాతం కిందికి పోయి రెండు శాతం తేడా రావచ్చు. అంటే ఎనిమిది బిట్లకు అదృష్టం మీద ఆధారపడాలి. మీటర్‌తో ఏరి, పై మూడు బిట్ల దగ్గర 0.2 శాతం లోపు తేడా ఉన్నవి పెడితే ఎనిమిది బిట్లు నిలబడతాయి. పది బిట్ల దగ్గర పిన్నుల సొంత రెసిస్టెన్స్ ఒక్కటే ఉన్న చోటును దాదాపు తినేస్తుంది.

ఎనిమిది బిట్లకు ఏరే ఓపిక లేనివారు డీఏసీ0808 చిప్ తీసుకోవచ్చు. దాని లోపల ఉన్నదీ R-2R నిచ్చెనే, ఒకే సిలికాన్ ముక్క మీద పక్కపక్కనే తయారైన రెసిస్టర్లతో. కాకపోతే అది వోల్టేజీ బదులు కరెంటు ఇస్తుంది, దాన్ని వోల్టేజీగా మార్చే ఆప్-ఆంప్‌తో పాటు మైనస్ సరఫరా కూడా కావాలి. యూఎస్‌బీ తీగ ఒక్కదానితో సరిపెట్టుకునే బోర్డుకు అది కుదరదు. అలాంటి చోట కొలిచి ఏరిన 10కెలే నయం.